పళ్ళు కలవని గంటలు

చలికాలం మొదలై శృంగవరపుకోట బజారులోకి తేగల కట్టలు దిగేసరికి దవడ నొప్పి ఉన్నవాళ్ళకు ఒక దోషి దొరుకుతుంది. తేగ నారను ముందు పళ్ళతో లాగి, పీచు ఉమ్మేసి, మిగిలిన గుజ్జును వెనక పళ్ళ కింద నమలడం దవడకు మంచి కసరత్తే. సాయంత్రానికి చెవి ముందు పీకుతుంది, మర్నాడు నోరు తెరిస్తే టక్కుమంటుంది. నొప్పి తేగ తిన్నాక వచ్చింది గనుక తేగవల్లే వచ్చిందనుకుంటారు. వేసవిలో మామిడి టెంక చీకినప్పుడు, పండగకి జంతికలు కొరికినప్పుడు అదే మాట. కానీ అదే ఇంట్లో అదే కట్ట తిన్న మిగతా నలుగురికి ఏమీ కాలేదన్న సంగతి ఎవరికీ పట్టదు. ఈ అధ్యాయంలో నేను వాదించేది ఒక్కటే. చాలామందిలో దవడను అలసగొట్టేది అన్నం తినే ఆ కాస్త సమయం కాదు, ఏమీ తినకుండా పళ్ళు ఆనించి ఉంచే మిగతా గంటలు. తేగ అప్పటికే అలసిపోయి ఉన్న కండరాన్ని బయటపెడుతుంది, అంతే.

ముందు ఆ చప్పుడు సంగతి తేల్చుకోవాలి. ఎక్కువమందిని భయపెట్టేది అదే, నిజానికి తక్కువ ప్రమాదకరమైనదీ అదే. చెవి రంధ్రానికి సరిగ్గా ముందు వేలు ఆనించి నోరు మెల్లగా తెరిచి మూయండి. వేలి కింద ఒక గుండు కదులుతుంది. అది కింది దవడ ఎముక తల. నోరు కొద్దిగా తెరిచినప్పుడు అది ఉన్నచోటే తిరుగుతుంది, ఇంకా తెరిస్తే తన గుంటలోంచి ముందుకు జారుతుంది. తిరగడం, జారడం రెండూ చేయాల్సిన కీలు కాబట్టి ఎముకకూ గుంటకూ మధ్య ఒక పలుచని గట్టి బిళ్ళ ఉంటుంది. కొందరిలో ఈ బిళ్ళ కాస్త ముందుకు తప్పుకుని ఉంటుంది. నోరు తెరిచేటప్పుడు ఎముక తల ఆ బిళ్ళ వెనక అంచును దాటి మళ్ళీ దాని మీదకు ఎక్కుతుంది. టక్కుమనేది ఆ క్షణంలోనే. మూసేటప్పుడు తిరిగి జారితే రెండో చప్పుడు, కాస్త మెత్తగా వినిపిస్తుంది. ఇలా కీలు చప్పుడు చేసేవాళ్ళు జనంలో చాలామందే ఉంటారు, వాళ్ళలో ఎక్కువమందికి నొప్పి ఉండదు, ఏళ్ళు గడిచినా అది పెద్ద జబ్బుగా మారదు. నొప్పి లేని, నోటిని అడ్డుకోని చప్పుడుకి వైద్యం అవసరం లేదు. చప్పుడు పోయిందో లేదో చూసుకోవడానికి రోజూ పదిసార్లు దవడ పక్కకు తిప్పి టక్కుమనిపించే అలవాటు మాత్రం మానాలి. మానబోతున్న కీలును మళ్ళీ మళ్ళీ రేపేది అదే.

నొప్పి కథ వేరు. అది చాలాసార్లు కీలులో కంటే కండరంలో ఉంటుంది. పళ్ళు గట్టిగా బిగించి చెంప మీద చెయ్యి పెడితే ఒక గడ్డలా పొంగుతుందే, ఆ కండరంలోనూ, కణతల దగ్గర విసనకర్రలా పరుచుకున్న కండరంలోనూ. వీటి రోజుపనిని లెక్కగట్టినవాళ్ళు తేల్చిన మాట ఆశ్చర్యంగా ఉంటుంది. నమలడం, మింగడం అన్నీ కలిపినా ఆరోగ్యంగా ఉన్న మనిషికి పై పళ్ళూ కింది పళ్ళూ తాకే సమయం ఇరవైనాలుగు గంటల్లో సుమారు 20 నిమిషాలు. మిగతా కాలమంతా పెదవులు మూసుకునే ఉన్నా లోపల పళ్ళ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. దవడకు అదే విశ్రాంతి. మరి నొప్పి ఉన్నవాళ్ళ సంగతేమిటి? జ్యూరిచ్‌లో చేసి 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో రోజంతా మధ్యమధ్య సంకేతం ఇచ్చి, ఆ క్షణంలో పళ్ళు కలిసున్నాయా లేదా అని రాసుకోమన్నారు. నొప్పి లేనివాళ్ళ సమాధానాల్లో పదింట ఒకటి కంటే తక్కువసార్లు పళ్ళు కలిసున్నాయి. దవడ కండరాల నొప్పి ఉన్నవాళ్ళలో దాదాపు మూడింట ఒకసారి. గట్టిగా కొరకడం కాదు, ఊరికే ఆనించి ఉంచడమే. అంతకుముందే, 1998లో, అమెరికాలో ఇంకో ప్రయోగం జరిగింది. ఏ నొప్పీ లేనివాళ్ళచేత రోజుకు కొద్ది నిమిషాలు చొప్పున కొన్ని రోజులు మెల్లగా పళ్ళు బిగింపజేస్తే వాళ్ళలో కొందరికి నిజంగానే దవడ నొప్పి జబ్బు లక్షణాలు వచ్చాయి. తేలిగ్గా బిగిస్తే నొప్పి ఎందుకు రావాలి అనిపించవచ్చు. నీళ్ళ బిందె ఎత్తి గట్టు మీద పెట్టడం ఒక పని, అదే బిందెను చేత్తో పట్టుకుని గంటసేపు నిలబడటం ఇంకో పని. నమిలేటప్పుడు కండరం బిగిసి వదులుతుంది, ప్రతి వదులులోనూ దానికి రక్తం అందుతుంది. ఆనించి ఉంచినప్పుడు ఆ వదులు ఉండదు.

ఇది మన ఊళ్ళో ఎలా కనబడుతుందో ఒక ఊహాత్మకమైన ఉదాహరణతో చూద్దాం. శృంగవరపుకోటలో ఇంటి దగ్గరే కుట్టుమిషన్ పెట్టుకున్న నలభై ఏళ్ళ మనిషి అనుకోండి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా జాకెట్ల గిరాకీ. రెండు నెలలుగా కుడి చెవి ముందు నొప్పి, సాయంత్రానికి కణత లాగడం, ఆవలిస్తే టక్కుమనడం. చెవిలో ఏదో ఉందని చుక్కల మందు వేసుకుంది, తగ్గలేదు. ఎప్పుడు ఎక్కువ అని అడిగితే తిన్నప్పుడు అంటుంది. కానీ గంటగంటకూ చూస్తే ఉదయం లేచినప్పుడు నొప్పి లేదు, పదకొండుకి మొదలవుతుంది, రాత్రి ఏడుకి పెరుగుతుంది, ఆదివారం మిషన్ మూసిన రోజు సగమే. ఇది పగటి అలవాటు చెప్పే సాక్ష్యం. ఆమె రోజులో దవడ చేసే పనులు చూడండి: దారం పళ్ళతో తెంపడం, గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకోవడం, సూది గుచ్చుతున్నంతసేపూ తల ముందుకు వంచి ఊపిరి బిగబట్టి పళ్ళు ఆనించడం, గిరాకీవాళ్ళ ఫోన్ వస్తే చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడుతూ కుట్టడం. మొదటిది కనబడేది, దానివల్ల నష్టం కొంచెమే. చివరి రెండూ కనబడనివి, గంటలు గంటలు సాగేవి. మిషన్ తల మీద చిన్న రంగు బిళ్ళ అతికించుకుని, కన్ను దాని మీద పడ్డప్పుడల్లా ‘పళ్ళు కలిసున్నాయా?’ అని చూసుకోవడం ఆమె వైద్యంలో మొదటి భాగం. మొదటి రెండు మూడు రోజులు అబ్బే కలవలేదే అనిపిస్తుంది, ఎందుకంటే అడిగిన మరుక్షణమే పళ్ళు విడిపోతాయి. అందుకే చూసుకోవాల్సింది అడగకముందు ఉన్న స్థితిని. నాలుగో రోజుకు లెక్క నిజం చెప్పడం మొదలుపెడుతుంది.

ఇక్కడ వచ్చే అభ్యంతరాల్లో బలమైనది రాత్రి గురించి. పగలు చూసుకుంటాను సరే, నిద్రలో పళ్ళు కొరికితే నేనేం చేయను అంటారు. నిద్రలో పళ్ళు కొరకడం నిజమే, పెద్దవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ. పొట్టలో పురుగులున్నాయనే మన ఇళ్ళ నమ్మకానికి తగిన ఆధారం లేదు కాబట్టి ఆ పేరుతో మందు పట్టించక్కర్లేదు, పురుగుల మందు వేయాల్సిన కారణాలు వేరే ఉంటాయి. కానీ రాత్రి కొరకడానికీ పగటి నొప్పికీ ఉన్న సంబంధం మనం ఊహించినంత నేరుగా లేదు. దవడ కండరాల నొప్పి ఉన్న ఆడవాళ్ళనూ, లేనివాళ్ళనూ న్యూయార్క్‌లో నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి కొలిచారు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం నొప్పి ఉన్నవాళ్ళు నిద్రలో ఎక్కువగా పళ్ళు కొరకలేదు. తర్వాత అదే బృందం చూపిందేమంటే కొరుకుళ్ళ మధ్య ఉండే మామూలు సమయంలో కూడా వాళ్ళ కండరం కాస్త బిగువుగానే ఉంది. అంటే రాత్రి కూడా సమస్య పెద్ద చప్పుడుతో కొరకడం కాదు, వదలకపోవడం. నిద్ర లేవగానే దవడ పట్టేసి, ఉదయమే నొప్పి ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గేవాళ్ళకు మాత్రం రాత్రి వాటా పెద్దదని అర్థం. వాళ్ళు బోర్లా పడుకోవడం, దవడ కింద చెయ్యి పెట్టుకోవడం మానాలి. పొద్దుపోయాక టీ, పొగ, మద్యం తగ్గించాలి. పళ్ళు అరుగుతుంటే అరుగుదల ఆపేందుకు పంటి తొడుగు అవసరమా అని దంత వైద్యుడిని అడగాలి.

రెండో అభ్యంతరం పళ్ళ వరస గురించి. వరస సరిగా లేకే దవడ పాడైందని, పన్ను పీకించుకున్న దగ్గర్నుంచే మొదలైందని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఈ నమ్మకానికి గౌరవనీయమైన చరిత్రే ఉంది. అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి ముక్కు గొంతు వైద్యుడు 1934లో వెనక పళ్ళు లేనివాళ్ళ దవడ లోపలికి కూరుకుపోయి చెవినొప్పి, తలనొప్పి వస్తాయని రాశాడు. దాని మీద దశాబ్దాల పాటు పళ్ళు అరగదీసి, కట్టించి, వరస మార్చి వైద్యం చేశారు. తర్వాత జాగ్రత్తగా పోల్చి చూస్తే వంకర వరస ఉండి ఏ నొప్పీ లేనివాళ్ళూ, చక్కని వరస ఉండి నొప్పితో బాధపడేవాళ్ళూ కుప్పలుగా కనబడ్డారు. 1969లో లాస్కిన్ అనే దంత శస్త్రవైద్యుడు దృష్టిని పళ్ళ నుంచి కండరాల వైపు, ఒత్తిడి తెచ్చే బిగింపు వైపు మళ్ళించాడు. వెనక పళ్ళు లేకపోతే నమలడం కష్టమే, కట్టించుకోవడం మంచిదే, కానీ అందుకు కారణం నమలడం. దవడ నొప్పి పోవడం కోసం ఆరోగ్యంగా ఉన్న పన్ను అరగదీయించుకోవడం వెనక్కి తీసుకోలేని పని.

సరే, ఏం చేయాలి? ముందుగా దవడకు దాని విశ్రాంతి స్థానం నేర్పాలి. తెలుగు నోటికి దీన్ని నేర్పడం తేలిక. పెదవులు మూసి ‘మ్’ అని కాసేపు సాగదీయండి, పళ్ళు విడిగా ఉన్నాయని తెలుస్తుంది. తర్వాత ‘ల’ పలకబోయి ఆగితే నాలుక కొన పై పళ్ళ వెనక చిగురు దగ్గర నిలుస్తుంది. పెదవులు కలిసి, పళ్ళు విడిపోయి, నాలుక పైన ఆనుకుని, ముక్కుతో ఊపిరి. ఇదే స్థానం. దీన్ని కూడా పట్టుదలగా పట్టుకుని కూర్చుంటే మళ్ళీ బిగింపే అవుతుంది, కాబట్టి గుర్తొచ్చినప్పుడల్లా వదిలేసి ముందుకు సాగడమే. రోజూ ఏవో కొన్ని పనులకు దీన్ని ముడిపెట్టుకుంటే మర్చిపోరు: బండి స్టార్ట్ చేసినప్పుడు, ఫోన్ తెర వెలిగినప్పుడు, అరకు వైపు ఘాట్ రోడ్డు మలుపులో హారన్ కొట్టినప్పుడు. డ్రైవింగ్‌లో పళ్ళు బిగించేవాళ్ళు చాలామంది.

నొప్పి రేగిన వారం పది రోజులు తిండి మెత్తబరచాలి. పూర్తిగా జావ మీదే బతకక్కర్లేదు, అలా నెలలు సాగితే కండరం ఇంకా నీరసిస్తుంది. చోడి అంబలి, పప్పన్నం, ఇడ్లీ, మెత్తగా ఉడికిన ఆనపకాయ, చేప చాలు. తేగలు, చెరకు, గట్టి మాంసం, చూయింగ్ గమ్, వక్క పక్కన పెట్టాలి. జామకాయను గుండ్రంగా కొరకకుండా చిన్న ముక్కలు కోసుకోవాలి. నొప్పి లేని వైపే నమిలే అలవాటు పడితే మంచి వైపు కూడా అలసిపోతుంది, అందుకని చిన్న ముద్దలు రెండు వైపులా. ఆవలింత వచ్చినప్పుడు నాలుకను అంగిలికి ఆనించి ఉంచితే నోరు మరీ బార్లా తెరుచుకోదు.

కాపడం మనకు తెలిసిన వైద్యమే, దాన్ని సరిగ్గా పెట్టాలి. వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలును మణికట్టు లోపలి వైపు పెట్టి చూసి, వేడి ఓర్చుకోదగ్గదే అయితే చెంప మీదా కణత మీదా పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకు రెండుసార్లు. చల్లారగానే మళ్ళీ ముంచాలి. వెంటనే, కండరం మెత్తబడి ఉన్నప్పుడే, వేళ్ళ కొనలతో చెంప గడ్డ మీద గుండ్రంగా ఒకటి రెండు నిమిషాలు రుద్దాలి, హాయిగా నొప్పి అనిపించేంత ఒత్తిడితో. దెబ్బ తగిలి వాచినప్పుడు మొదటి రెండు రోజులు కాపడం కాదు, గుడ్డలో చుట్టిన మంచు. ఆపైన ఒక కసరత్తు: నాలుక కొన అంగిలికి ఆనించి, అది విడిపోనంత వరకే నోరు మెల్లగా తెరిచి మూయడం, ఆరుసార్లు చొప్పున రోజులో నాలుగైదు దఫాలు, అద్దం ముందు, గడ్డం పక్కకు జారకుండా. నొప్పి పుడితే అంతవరకు తెరవొద్దు. రెండు వారాల్లో కొంత, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో స్పష్టంగా తేడా తెలియాలి. మన కుట్టుమిషన్ మనిషి విషయంలో మొదట తగ్గేది సాయంత్రపు కణత నొప్పి, చివరికి మిగిలేది టక్కు. ఆ టక్కు మిగిలినా ఆమె బాగుపడినట్టే.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్ర గురించి ఈ జిల్లాల్లో కాస్త గట్టిగా చెప్పాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు ఎంత విస్తరించిందో ఉత్తరాంధ్రలో తెలియనివాళ్ళు లేరు. దాని కారణం ఇదీ అని ఇంకా తేలకపోయినా, నొప్పి మాత్రలు వారాల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయన్నది తేలిన విషయం. కిడ్నీ, బీపీ, పొట్టపుండు ఉన్నవాళ్ళూ, రక్తం పలుచబరిచే మందు వాడేవాళ్ళూ వైద్యుడిని అడగకుండా వేసుకోకూడదు. మిగతావాళ్ళకైనా ఇది కొద్ది రోజుల మాటే.

అన్ని దవడ బాధలూ ఈ అధ్యాయం పరిధిలోకి రావు, రానివాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. మీ చేతి మూడు వేళ్ళు నిలువుగా, ఒకదాని మీద ఒకటిగా ముందు పళ్ళ మధ్య పట్టాలి. అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. ఎప్పుడూ టక్కుమనే కీలు ఒకరోజు హఠాత్తుగా చప్పుడు మానేసి, నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోకపోతే బిళ్ళ అడ్డం పడిందని అనుమానించాలి, బలవంతంగా తెరవకుండా వారంలోపే చూపించుకోవాలి. ఆవలించాక నోరు మూతపడకపోతే అదే పూట ఆసుపత్రికి. గుట్కా, వక్క నమిలేవాళ్ళకు చప్పుడు లేకుండా నెలల తరబడి నోరు చిన్నదవుతూ, కారం తగిలితే మండితే అది కీలు కాదు, బుగ్గ లోపలి పొర గట్టిపడే వేరే జబ్బు. అడ్డపొగ తాగే ముసలమ్మల విషయం మరీ ముఖ్యం. శ్రీకాకుళం జిల్లాలో పదివేలమందికి పైగా గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకునే ఈ అలవాటు అంగిలిని ఎంత పాడుచేస్తుందో చూపించింది. నోట్లో మూడు వారాలకు మానని పుండు, తెల్ల మచ్చ, గడ్డ ఉంటే దవడ నొప్పి అని సరిపెట్టకూడదు. యాభై దాటినవాళ్ళకు నమిలేకొద్దీ దవడ అలసి నొప్పి పెరిగి, కణత మీద ముట్టుకుంటే బాధ, చూపు మసకబారడం తోడైతే చూపు పోయే ప్రమాదం ఉంది, ఆలస్యం పనికిరాదు. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే పోయే దవడ నొప్పి గుండెది కావచ్చు. గాయం తర్వాత దవడ కరుచుకుపోతే ధనుర్వాతం కావచ్చు.

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పికి ఏది పనిచేస్తుందో పోల్చి చూసి అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సూచనలు ప్రచురించింది. గట్టిగా సిఫారసు చేసినవి శిక్షకుడి పర్యవేక్షణలో దవడ కసరత్తులు, చేత్తో కీలును కదిలించే వైద్యం, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మానసిక చికిత్స, ఇంటి దగ్గర చేసుకునే కసరత్తులూ జబ్బు గురించిన అవగాహనా. పంటి తొడుగుల మీద, కీలులో ఇంజెక్షన్ల మీద, బొటాక్స్ మీద వాళ్ళకు అంత నమ్మకం కుదరలేదు. బిళ్ళ తీసేసే శస్త్రచికిత్సనూ, పళ్ళ వరసను శాశ్వతంగా మార్చే తొడుగులనూ గట్టిగా వద్దన్నారు. అందుకని విజయనగరమో విశాఖపట్నమో దంత వైద్యుడి దగ్గరకు వెళ్ళినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు రెండే: నా నొప్పి కండరంలోదా, కీలులోదా? మీరు చెప్పే వైద్యాన్ని నచ్చకపోతే వెనక్కి తీసుకోగలమా? పగటిపూట పళ్ళు ఎన్నిసార్లు కలిసి దొరికాయో రాసుకున్న వారం రోజుల కాగితం వెంట ఉంటే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం ఆయనకు తేలికవుతుంది.